పేరు అడగలేదంటే సరిపోదు: విద్యార్థులపై సర్వేలు చేస్తున్న కాలేజీలకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల ప్రిన్సిపాళ్లకు, రీసెర్చ్ గైడ్లకు, ఎథిక్స్ కమిటీల సభ్యులకు,

నమస్కారం. నేను కాలేజీ పిల్లలకు కౌన్సెలింగ్ చేసే సోషల్ వర్కర్‌ని. మన దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో జరిగిన సర్వే గురించి ముందు ఆ కాలేజీకే రాశాను. తర్వాత ఆ పరిశోధనకు గైడ్‌గా ఉన్నవారికి రాశాను. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే మాత్రం "అందులో పేర్లు లేవు కదమ్మా, ఇంకేంటి ప్రాబ్లం" అన్నారు. ఆ ఒక్క మాటకి సమాధానంగానే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే ఆ మాట ఆయన ఒక్కరిదే కాదు, సర్వేలు చేసే చాలామంది నమ్మకంగా చెప్పే మాట అదే. కాలేజీ పేరు రాయడం లేదు. ఇందులో వచ్చే అమ్మాయి బ్రాంచి, జిల్లా, చదివే సంవత్సరం మార్చాను, ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే బయట పెడుతున్నాను.

జరిగింది ఇది. ఒక లెక్చరర్ తన పీహెచ్‌డీ కోసం విద్యార్థుల మానసిక ఒత్తిడి, మత్తు అలవాట్లు, ప్రేమ వ్యవహారాల మీద గూగుల్ ఫారం తయారు చేశారు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి, "రేపు మధ్యాహ్నానికల్లా అందరూ ఫిల్ చేయాలి, చేయనివాళ్ల లిస్టు తీస్తాం" అని కింద రాశారు. ఫారం మొదటి పేజీలో ఇంగ్లీషులో నాలుగు లైన్లు: మీ వివరాలు గోప్యంగా ఉంటాయి, పాల్గొనడం మీ ఇష్టం. ఈ రెండూ ఒకే రోజు, ఒకే పిల్లలకి చెప్పారు! చేయనివాళ్ల లిస్టు తీయాలంటే చేసినవాళ్లెవరో తెలియాలి కదా. అంటే ఆ మెసేజ్ పెట్టినప్పుడే మొదటి పేజీలోని రెండు మాటలూ అబద్ధమైపోయాయి.

ఫారంలో పేరు, రోల్ నంబరు అడగలేదు, నిజమే. బ్రాంచి, సంవత్సరం, ఆడా మగా, హాస్టలా డే స్కాలరా, సొంత జిల్లా, సామాజిక వర్గం అడిగారు. వాటి తర్వాత డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు. జవాబులన్నీ ఒక షీట్‌లో పడ్డాయి. లెక్కలు వేయడంలో సాయం కోసమని ఆ షీట్ లింకును డిపార్ట్‌మెంట్‌లో కొందరికి పంపారు.

మెకానికల్ మూడో సంవత్సరం అనుకోండి, 58 మంది. అమ్మాయిలు 6. వాళ్లలో హాస్టల్లో ఉండేవాళ్లు 3. విజయనగరం జిల్లా నుంచి వచ్చింది ఒక్కరే. షీట్‌లో ఫిల్టర్ పెట్టి ఎంచుకుంటూ పోతే ఒకే వరుస మిగులుతుంది, ఆ వరుస ఎవరిదో ఆ డిపార్ట్‌మెంట్‌లో అటెండర్‌కి కూడా తెలుసు. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న గత రెండు వారాల్లో చనిపోతే బాగుండు అనో, తనకు తాను హాని చేసుకోవాలనో ఎన్నిసార్లు అనిపించిందని అడుగుతుంది. జవాబు 0 నుంచి 3 దాకా. ఆమె 2 పెట్టింది. ఎవరో ఫిల్టర్ చేశారు, ఎవరో ఎవరికో చెప్పారు, క్లాస్ టీచర్ నేరుగా వాళ్ల నాన్నకి ఫోన్ చేసి "మీ అమ్మాయిని ఓసారి చూసుకోండి" అన్నారు. ఆయన ఆ రాత్రే బయల్దేరి వచ్చి కూతుర్ని ఇంటికి తీసుకెళ్లిపోయారు. మిడ్ పరీక్షలు పోయాయి. ఇంట్లో అందరూ అడిగింది ఒకటే, ఎవరైనా అబ్బాయి ఉన్నాడా అని. ఆమె బాధ అది కానే కాదు.

ఫోన్ చేసిన టీచర్‌ది చెడ్డ ఉద్దేశం అని నేను అనను. ఆందోళన పడే చేసి ఉంటారు. కానీ ఆ పిల్లని ముందు కౌన్సెలర్‌తో మాట్లాడనివ్వలేదు, ఇంట్లో ఎవరికి చెప్పాలో అడగలేదు, నీ జవాబు మేం చూశాం అని కూడా చెప్పలేదు. హాస్టల్లో మిగతా పిల్లలు దీన్నుంచి నేర్చుకున్నది ఏమిటంటే, ఇంకోసారి ఫారం వస్తే అన్నిటికీ సున్నా పెట్టేయాలని. నిజంగా సాయం కావాల్సినవాళ్లు కూడా అదే పెడతారు.

ఇక అసలు విషయాలు.

1. మార్కులు వేసేవాళ్లు అడిగితే పిల్లలు కాదనలేరు. ఇంటర్నల్ మార్కులు, అటెండెన్స్, ప్రాజెక్టు సంతకం మీ చేతిలో ఉన్నప్పుడు "ఇష్టమైతేనే" అనే మాటకి బలం ఉండదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017లో విడుదల చేసిన జాతీయ నైతిక మార్గదర్శకాలు, పైవాళ్ల చేతి కింద ఉండేవారిని, అందులో విద్యార్థులను కూడా, ప్రత్యేక రక్షణ అవసరమైనవారిగానే చూస్తాయి. అవి ఆరోగ్య పరిశోధనకు కదా, మాది మేనేజ్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కదా అని కొందరంటున్నారు. పీహెచ్‌క్యూ-9 ఇచ్చి ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగితే అది ఆరోగ్య పరిశోధనే, ఏ డిపార్ట్‌మెంట్ గదిలో కూర్చుని చేసినా సరే.

దీనికి మందు ఉంది, ఖర్చు కూడా లేదు. ఆ క్లాసుకి పాఠం చెప్పని మనిషి, వీలైతే బయటి మనిషి, కనీసం కొన్ని రోజుల ముందు వచ్చి సర్వే గురించి తెలుగులో చెప్పాలి, తెలుగులో ఉన్న కాగితం చేతిలో పెట్టాలి. ఏం అడుగుతారు, ఎంతసేపు పడుతుంది, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు, ఏ పరిస్థితిలో విషయం బయటికి చెప్పాల్సి వస్తుంది, ఇవన్నీ ఆ కాగితంలో ఉండాలి. సర్వే రోజున లెక్చరర్ గదిలో ఉండకూడదు. అందరికీ ఒకేరకం కవరు ఇవ్వాలి, ఇష్టం లేనివాళ్లు ఖాళీ కాగితమే మడిచి కవర్లో పెట్టి డబ్బాలో వేస్తారు. ఎవరు రాశారో, ఎవరు రాయలేదో పక్కన కూర్చున్నవాళ్లకి కూడా తెలియదు. గదిలోంచి లేచి వెళ్లిపోవచ్చు అని ఊరికే చెబితే ఎవరూ లేవరు, అందరి కళ్లూ తనమీదే ఉంటాయి కాబట్టి. ఆన్‌లైన్ అయితే ప్రశ్నలకి Required తీసేయండి, ప్రతిదానికీ "చెప్పడం ఇష్టం లేదు" అనే గడి పెట్టండి.

సంతకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కన్సెంట్ ఫారం మీద సంతకం, రోల్ నంబరు తీసుకుని దాన్ని ప్రశ్నపత్రానికి పిన్ కొట్టే అలవాటు ఇంకా ఉంది. ఎవరో తెలియకుండా చేసే సర్వేలో ఆ సంతకమే మనిషిని పట్టించే ఏకైక ఆధారం అవుతుంది. అలాంటప్పుడు సంతకం వద్దని ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వవచ్చు. కాగితం చదివి, ప్రశ్నలకి జవాబు రాయడమే ఒప్పుకున్నట్టు. సంతకం కావాల్సిందే అంటే సంతకాల డబ్బా వేరు, జవాబుల డబ్బా వేరు.

ఫస్టియర్‌లో చేరే పిల్లల్లో చాలామందికి 17 ఏళ్లే. చట్టం లెక్కలో వాళ్లు పిల్లలు, తల్లిదండ్రుల అనుమతి, దాంతోపాటు వాళ్ల సొంత ఒప్పుకోలు రెండూ కావాలి. కానీ ప్రేమ గురించో మత్తు గురించో సర్వే అని ఇంటికి కాగితం పంపితే ఆ రాత్రి ఇంట్లో ఏమవుతుందో మనందరికీ తెలుసు. తల్లిదండ్రుల అనుమతి అడగడం వల్లే హాని అనుకుంటే ఆ మాట కమిటీకి రాసి మినహాయింపు అడగాలి. లేదా 18 నిండనివాళ్లని సర్వేలోకి తీసుకోకూడదు. ఏదీ చేయకుండా అందరికీ లింకు పంపేయడం మాత్రం కుదరదు.

2. పేరు తీసేసినంత మాత్రాన మనిషి కనపడకుండా పోడు. పైన మెకానికల్ ఉదాహరణలో చూశారు. ఇది మన ఊళ్ల అమాయకత్వం కాదు, పెద్ద పెద్దవాళ్లే బోల్తా పడ్డారు. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక యూనివర్సిటీలో ఒకే ఏడాది చేరిన 1,640 మంది విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలను పేర్లు తీసేసి, యూనివర్సిటీ పేరు కూడా చెప్పకుండా విడుదల చేశారు. కోర్సుల పేర్ల వంటి చిన్న చిన్న ఆనవాళ్లను బట్టి అది హార్వర్డ్ అని కొద్ది రోజుల్లోనే బయటపడింది. ఒక్కో రాష్ట్రం నుంచో దేశం నుంచో ఒక్కరే వచ్చిన విద్యార్థులు అందులో ఉన్నారు, వాళ్లకి పేరు తీసేస్తే ఒరిగిందేమీ లేదు. చివరికి ఆ సమాచారాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మీ షీట్‌ని మీరే పరీక్ష చేసుకోవచ్చు. బ్రాంచి, సంవత్సరం, ఆడా మగా, హాస్టలా కాదా, జిల్లా, ఈ కాలమ్‌లు కలిపి ఒక పివట్ టేబుల్ వేయండి. ఏ గడిలోనైనా ఐదుగురి కంటే తక్కువ ఉంటే ఆ గడిలోవాళ్లు దొరికిపోయినట్టే. అప్పుడు జిల్లా బదులు కోస్తా, రాయలసీమ, ఇతర ప్రాంతాలు అని పెట్టండి, బ్రాంచీలు కలపండి. అయినా తక్కువుంటే ఆ కాలమ్ మొత్తం తీసేయండి. అన్నిటికంటే మంచిది అడగకపోవడమే. థీసిస్‌లో జిల్లాలవారీ పట్టిక వేయనప్పుడు జిల్లా ఎందుకు అడిగారు? ఫారం నిండుగా కనిపించాలనా? గడిలో పది మంది ఉన్నా ఒక్కోసారి చాలదు, ఆ పది మందీ ఒకే జవాబు పెట్టి ఉంటే ఎవరి వరుస ఏదో తెలియకపోయినా అందరి సంగతీ తెలిసిపోతుంది.

గూగుల్ ఫారంలో Collect email addresses ఆఫ్ చేశాం అని సంతోషించకండి. షీట్‌లో మొదటి కాలమ్ Timestamp. ల్యాబ్‌లో కూర్చోబెట్టి రోల్ నంబర్ల వరసలో ఒక్కొక్కరితో ఫిల్ చేయిస్తే ఆ టైము చూసి ఎవరిదేదో చెప్పేయొచ్చు. లెక్కలకి వెళ్లే కాపీలో ఆ కాలమ్ తీసేసి, వరుసల క్రమం కలిపేయాలి. ఆర్నెల్ల తర్వాత అదే పిల్లల్ని మళ్లీ అడగాలనుకుంటే కోడ్ పెట్టమంటారు, పుట్టిన తేదీ, నాన్న పేరులో మొదటి అక్షరాలు అలా. ఆ రెండూ కాలేజీ అడ్మిషన్ రిజిస్టర్‌లోనే ఉన్నాయి కదండీ! కాలేజీ రికార్డుల్లో లేని విషయాలతో కోడ్ కట్టుకోమనాలి, చిన్నప్పటి స్నేహితుడి పేరులో రెండు అక్షరాల వంటివి.

ఇంకోటి, చాలామంది గమనించరు. "అవును" అన్నవాళ్లకి మాత్రమే ఇంకో పది ప్రశ్నలు వచ్చేలా ఫారం పెడతారు. క్లాసులో కూర్చుని రాస్తున్నప్పుడు "కాదు" అన్నవాళ్లు రెండు నిమిషాల్లో ఫోన్ పక్కన పెట్టేస్తారు, ఎవరు ఇంకా రాస్తున్నారో పక్కవాడు చూస్తాడు. "కాదు" అన్నవాళ్లకీ మరో పది మామూలు ప్రశ్నలు ఇవ్వండి, నిద్ర గురించో తిండి గురించో, అందరికీ ఒకే సమయం పట్టేలా.

3. తొమ్మిదో ప్రశ్నకి వచ్చే జవాబుతో ఏం చేస్తారో ముందే తేల్చుకోవాలి. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఇక్కడ దారులు రెండే. ఒకటి, నిజంగా ఎవరో తెలియకుండా సర్వే చేయడం. అప్పుడు 3 పెట్టిన పిల్లని మీరు చేరుకోలేరు, ఆ మాట మొదటి పేజీలోనే చెప్పాలి: మీ జవాబు చూసి మేం మీకు ఫోన్ చేయలేం, సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, మన కౌన్సెలర్ ఫలానా గదిలో ఉంటారు అని. చివరి పేజీలో మళ్లీ అదే నంబరు, అందరికీ. ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లకే చీటీ ఇస్తే ఆ చీటీయే వాళ్లని అందరికీ చూపిస్తుంది. ఒకసారి పంపాక జవాబు వెనక్కి తీసుకోవడం కూడా ఈ దారిలో కుదరదు, ఆ సంగతీ ముందే రాయాలి.

రెండోది, ఎవరో తెలిసేలా, కానీ రహస్యంగా చేయడం. జవాబుల మీద కోడ్ మాత్రమే ఉంటుంది, ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా ఇంకో మనిషి దగ్గర, డిపార్ట్‌మెంట్ బయట, తాళంలో ఉంటుంది. తొమ్మిదో ప్రశ్నకి 0 కాకుండా ఏది వచ్చినా అదే రోజు చూడాలి, 24 గంటల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఆ విద్యార్థితోనే నేరుగా మాట్లాడాలి, ఇంట్లో ఎవరికి చెప్పాలో విద్యార్థినే అడిగి నిర్ణయించాలి. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అయితే అడగకుండానే చెప్పాల్సి రావచ్చు, ఆ సంగతి కూడా ముందే కాగితంలో ఉండాలి. ఇది చేయాలంటే కౌన్సెలర్ ఉండాలి. 100 మంది, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది, ఆ కేసు కూడా మన ఆంధ్రదే, విశాఖపట్నంలో చనిపోయిన విద్యార్థినిది. కౌన్సెలర్ లేని కాలేజీ ఈ ప్రశ్న అడగనే కూడదు.

ఆ అమ్మాయి విషయంలో జరిగింది ఈ రెండు దారుల్లో ఏదీ కాదు. ఎవరో తెలియదని మాటిచ్చి, అవసరమనిపించగానే వెతికి పట్టుకున్నారు. దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకి మినహాయింపు ఇచ్చింది గానీ, షరతు పెట్టింది: ఆ డేటాతో ఏ ఒక్క మనిషి గురించీ ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోకూడదు. వాళ్ల నాన్నకి ఫోన్ చేయడం అలాంటి నిర్ణయం కాక మరేమిటి?

"ఎవరికీ చెప్పం" అని రాసేవాళ్లు ఇంకోటి కూడా తెలుసుకోవాలి. 18 ఏళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. 17 ఏళ్ల విద్యార్థి పేరు తెలిసే సర్వేలో అలాంటి ప్రశ్న అడిగి "పూర్తి గోప్యత" అని హామీ ఇస్తే, ఆ హామీ ఇచ్చే హక్కు మీకు లేదు.

ఇంత జాగ్రత్త పెడితే జవాబులు తగ్గిపోతాయి అంటారని తెలుసు. తగ్గుతాయి. కానీ బలవంతంగా వచ్చిన జవాబుల్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? 70 ప్రశ్నల ఫారం ఒకటిన్నర నిమిషంలో అయిపోయి ఉంటుంది, వరసగా అన్నిటికీ మొదటి గడే. దాని మీద సగటులు కట్టి పేపరు వేస్తే మీ పబ్లికేషన్ల లెక్క పెరుగుతుంది, మన పిల్లల గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

కాబట్టి మేం అడిగేవి ఇవి. మేం అంటే నేను, నాతో పనిచేసే కౌన్సెలర్లు, కొందరు తల్లిదండ్రులు.

1. పైన చెప్పిన సర్వే షీట్‌ని, దాని కాపీలన్నిటినీ చెరిపేసి, ఎవరెవరికి ఆ లింకు వెళ్లిందో ఆ విద్యార్థులకి రాతపూర్వకంగా చెప్పండి. ఆ అమ్మాయికి పోయిన మిడ్ పరీక్షలు మళ్లీ పెట్టండి.

2. ఆత్మహత్య ఆలోచనలు, లైంగిక అనుభవాలు, మత్తు, ర్యాగింగ్, కులం గురించి విద్యార్థుల్ని అడిగే ఏ సర్వే అయినా, పీహెచ్‌డీది అయినా ఎంబీఏ ప్రాజెక్టుది అయినా, ఎథిక్స్ కమిటీ చూశాకే మొదలవ్వాలి. కమిటీ అంటే ఐసీఎంఆర్ చెప్పినట్టు 7 నుంచి 15 మంది, ఛైర్మన్ బయటి సంస్థవారు, ఒక న్యాయం తెలిసినవారు, ఒక సామాన్య పౌరుడు. హెచ్ఓడీ, ఆయన పక్క గదిలో ఉండే ఇంకొకరు కూర్చుని సంతకం పెట్టేది కాదు. సొంత కమిటీ లేని కాలేజీలు దగ్గర్లో రిజిస్టర్ అయిన కమిటీకి పంపించుకోవాలి.

3. తను పాఠం చెప్పే క్లాసులో తనే సర్వే చేయకూడదు. వాట్సాప్ క్లాస్ గ్రూపులో లింకులు, "లిస్టు తీస్తాం"లు ఆపండి.

4. ఫారంలో అడిగే ప్రతి వ్యక్తిగత వివరం పక్కన, అది ఏ పట్టికలో వాడతారో కమిటీకి రాసివ్వాలి. రాయలేకపోతే ఆ ప్రశ్న తీసేయాలి. ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడులు ఏ రిపోర్టులోనూ, ఏ డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లోనూ కనపడకూడదు.

5. తొమ్మిదో ప్రశ్న ఉన్న ప్రతి సర్వేకి, పైన చెప్పిన రెండు దారుల్లో ఏది ఎంచుకున్నారో, ఆ రోజు ఫోన్ ఎత్తే కౌన్సెలర్ ఎవరో అనుమతి కాగితం మీదే ఉండాలి.

6. మాట తప్పితే విద్యార్థి ఎవరికి చెప్పుకోవాలో, పరిశోధకుడిది కాకుండా కమిటీ సభ్య కార్యదర్శి ఫోన్ నంబరు, తెలుగు కాగితంలో మొదటి పేజీలోనే ఇవ్వండి. నేను రాసిన ఉత్తరాలకి జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు, నాలాంటి దానికే తెలియకపోతే పద్దెనిమిదేళ్ల పిల్లకి ఎలా తెలుస్తుంది?

మీలో ఎవరైనా ఈ పద్ధతులు ఇప్పటికే పాటిస్తుంటే మీ తెలుగు కన్సెంట్ కాగితాన్ని బయట పెట్టండి, మిగతా కాలేజీలు చూసి రాసుకుంటాయి. పాటించనివాళ్లు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, ఫోన్‌లో వద్దు.

ఇట్లు,
విజయవాడ నుంచి, విద్యార్థులతో పనిచేసే ఒక సోషల్ వర్కర్